నీలి టిక్కు పడ్డాక ఎంతసేపు?

రాత్రి 9.15కి మెసేజ్ వెళ్ళింది. 9.17కి రెండు టిక్కులూ నీలంగా మారాయి. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. పదింటికి ఒకసారి ఫోన్ తీసి చూస్తే అవతలి మనిషి ఆన్‌లైన్‌లోనే కనిపించారు. పదకొండు దాటేసరికి, పంపిన ఆ నాలుగు ముక్కల్లో తప్పేం రాశామా అని వెతుకులాట మొదలైంది. తెల్లారి 7.50కి జవాబు వచ్చింది: "సారీ అండి, రాత్రి చూస్తూ చూస్తూనే నిద్రపట్టేసింది."

ఒకరి మీద మనసు పడుతున్న రోజుల్లో ఇలాంటి రాత్రి చాలామందికి అనుభవమే. వాట్సాప్ 2014 నవంబరులో నీలి టిక్కులు తెచ్చింది. అంతకుముందు మెసేజ్ చేరిందో లేదో మాత్రమే తెలిసేది. "చూశారు, అయినా జవాబివ్వలేదు" అన్న బాధకు రుజువు దొరికింది మాత్రం అప్పటినుంచే. రిప్లై ఎంత త్వరగా వస్తే అంత ఇష్టం, ఎంత ఆలస్యమైతే అంత అనిష్టం అన్న లెక్క అప్పట్నుంచి ఇంకా బలపడింది. ఆ లెక్కలో కాస్త నిజం లేకపోలేదు. కానీ ఆ నిజం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోట పుట్టింది. దాన్ని ఫోన్ తెరమీదికి తెచ్చినప్పుడే చిక్కంతా.

ముఖాముఖి మాటల్లో ఒకరు ఆపడానికీ రెండోవారు అందుకోవడానికీ మధ్య ఉండే ఖాళీ చాలా చిన్నది. 2009లో పది భాషలను పోల్చి చూసిన ఒక పరిశోధనలో, ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం భాషభాషకూ కొంచెం మారినా, సుమారుగా సెకనులో ఐదో వంతు దగ్గరే తిరుగుతుందని తేలింది. జపనీయులైనా, డేన్లైనా, మెక్సికోలో త్సెల్టాల్ మాట్లాడేవారైనా అంతే. 2022లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడించి, ఏ క్షణాన ఎంత దగ్గరితనం అనిపించిందో వాళ్ళచేతే గుర్తు పెట్టించారు. జవాబులు వేగంగా అందుకున్న చోటల్లా దగ్గరితనం ఎక్కువగా అనిపించింది. అంతేకాదు, అవే సంభాషణల రికార్డుల్లో విరామాలను కుదించీ పెంచీ వేరేవాళ్ళకు వినిపిస్తే, విరామం తక్కువున్న రికార్డుల్లోని వాళ్ళే మరింత సన్నిహితులుగా తోచారు.

కాబట్టి ఆలస్యం కనపడగానే మనసు చివుక్కుమనడం పిచ్చితనమేమీ కాదు. ఎదురుగా ఉన్న మనిషి "నేను వస్తే నీకు సంతోషమేనా?" అన్న ప్రశ్నకు రెండు సెకన్లు ఆగితే, ఆ రెండు సెకన్లలో జవాబు దాదాపు తెలిసిపోతుంది. ఆ వేగాన్ని నటించడం కూడా కష్టం. వినడం, అర్థం చేసుకోవడం, మాట సిద్ధం చేసుకోవడం అన్నీ అవతలివారు మాట్లాడుతుండగానే జరిగిపోవాలి. మనసు అక్కడ లేకపోతే ఆ లయ కుదరదు.

ఫోన్‌లో మెసేజ్‌కు ఆ లయే లేదు. పంపిన క్షణం నుంచి జవాబు వచ్చే క్షణం దాకా గడిచే కాలం నాలుగు ముక్కలుగా ఉంటుంది. మెసేజ్ అవతలి ఫోన్‌కు చేరడం, ఆ మనిషి దాన్ని చూడడం, ఏం రాయాలో తేల్చుకోవడం, రాసి పంపడం. ఒక్క టిక్కు మీదే ఆగితే మొదటిదే జరగలేదన్నమాట. ఫోన్ ఆఫ్‌లో ఉండొచ్చు, నెట్ లేకపోవచ్చు. రెండు బూడిదరంగు టిక్కులుంటే ఫోన్‌కు చేరింది, చాట్ తెరవలేదు. అలాగని చదవలేదనడానికీ లేదు, పైనుంచి జారే నోటిఫికేషన్‌లో చదివేస్తే నీలం పడదు. సెట్టింగ్స్‌లో రీడ్ రిసీట్స్ ఆపేసినవారికి అసలే పడదు. నీలం పడిందంటే చాట్ తెరుచుకుందని మాత్రమే. ఆఫీసు కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉండగా ఆ చాట్ ముందుకొచ్చినా పడుతుంది. ఆన్‌లైన్ అని ఉంటే ఆ మనిషి వాట్సాప్ తెరిచి ఉన్నారంతే; అక్కడ అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ గురించి మాట్లాడుతున్నారో, అమ్మకు మందుల ఫొటో పంపుతున్నారో తెలియదు.

ఈ నాలుగింటిలో మనసుకు సంబంధించినది మూడోది మాత్రమే. అక్కడైనా ఇష్టం ఒకే దిక్కుకు లాగదు. పెద్దగా పట్టించుకోని మనిషికి "సరే" అని కొట్టేయడానికి క్షణం చాలు. ఎవరి దగ్గర మాట పడకూడదనుకుంటామో వాళ్ళకే ఒకసారి రాసి, చెరిపి, పొద్దున చూద్దాంలే అనుకుని పక్కన పెడతాం. ఒకే గంట ఆలస్యం వెనక విసుగూ ఉండొచ్చు, బిడియమూ ఉండొచ్చు, బస్సులో నిలబడి ప్రయాణమూ ఉండొచ్చు. గడియారం ఈ మూడింటినీ విడదీయలేదు.

అయినా సమయాన్ని చూడాలనే ఉంటే, చూడాల్సింది ఆ మనిషికి ఏది మామూలో. ఇజ్రాయెల్ పరిశోధకులు యోరమ్ కాల్‌మన్, షేజాఫ్ రఫేలీ 2006లో తోటి పరిశోధకులతో కలిసి ఈ విషయం మీద ఓపికగా పనిచేశారు. ఎన్రాన్ కంపెనీ ఉద్యోగుల ఈమెయిళ్ళు, విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆన్‌లైన్ చర్చలు, ఇంటర్నెట్‌లో ప్రశ్నలడిగి జవాబులు పొందే ఒక సేవ, ఈ మూడు చోట్లా జవాబులకు పట్టిన సమయాలు లెక్కగట్టారు. చోటు మారినా ఆకారం ఒకటే. అక్కడి సగటు సమయం లోపలే కనీసం 80 శాతం జవాబులు వచ్చేశాయి. సగటుకు పదింతలు దాటాక వచ్చినవి చాలా కొద్ది. అంటే ఎక్కువ జవాబులు తొందరగా వస్తాయి, కొన్ని మాత్రం బాగా సాగుతాయి. ఆ సాగినవి ఉండడం అసాధారణం కాదు, జవాబుల స్వభావమే అది.

ఒక చిన్న లెక్క చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకరి తొమ్మిది జవాబులు వరసగా 3, 4, 5, 5, 7, 9, 12, 180, 540 నిమిషాల్లో వచ్చాయనుకుందాం. మొత్తం 765 నిమిషాలు, సగటు 85. "గంటన్నర దాకా పలకని మనిషి" అనిపిస్తుంది. కానీ వరసలో సరిగ్గా నడుమనున్నది 7 నిమిషాలు. ఒక మధ్యాహ్నపు మీటింగూ ఒక రాత్రి నిద్రా కలిసి సగటును అక్కడికి ఈడ్చాయి. ఆ మనిషి మామూలు వేగం 7 నిమిషాలే. ఎదురుచూసే మనసు మాత్రం 540నే గుర్తుపెట్టుకుంటుంది, మిగతా ఎనిమిది జవాబులూ లెక్కలోకే రావు.

ఎదురుచూపు చేసే మోసం ఇంకొకటి ఉంది, దీని మీద కాస్త నిలవాలి. 2011లో వర్జీనియా, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 47 మంది విద్యార్థినులకు కొందరు యువకుల ఫేస్‌బుక్ ప్రొఫైళ్ళు చూపించారు. ఆ యువకులు మీ ప్రొఫైల్ కూడా చూశారు అని చెప్పారు. కొందరికి "వాళ్ళకు మీరు బాగా నచ్చారు" అనీ, కొందరికి "ఓ మోస్తరుగా నచ్చారు" అనీ, మిగతావారికి "నచ్చారో లేదో చెప్పలేం" అనీ అన్నారు. తమను ఇష్టపడ్డవారంటే మోస్తరు వాళ్ళకన్నా ఎక్కువ ఇష్టం కలిగింది, అందులో ఆశ్చర్యం లేదు. కానీ అన్నిటికన్నా ఎక్కువ ఆకర్షణ కలిగింది ఏ సంగతీ తేలనివారికే. వాళ్ళ గురించి ఎక్కువగా ఆలోచించామని కూడా ఆ అమ్మాయిలు చెప్పారు. ప్రయోగం చిన్నది, ఒకే చోట చేసినది, అందరికీ వర్తిస్తుందని దానితో తేల్చలేం. అయినా ఒక హెచ్చరిక అందులో ఉంది. జవాబు కోసం గంటల తరబడి చూస్తూ పెంచుకున్న భావం మన ఇష్టం గురించి చెబుతుంది. అవతలి మనసు గురించి అది చెప్పేదేమీ లేదు.

ఇక చూడాల్సినవేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. ఊహించిన కథే, కానీ పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇళ్ళలో ఇలాంటిది వింత కాదు.

రాజమహేంద్రవరంలో బ్యాంకులో పనిచేసే అమ్మాయి. ఇంట్లోవాళ్ళు రెండు సంబంధాలు చూశారు. ఏదీ ఖాయం చేయకుండా, ముందు మాట్లాడుకోమని నంబర్లు ఇచ్చారు. ఒకరు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రోజంతా కంప్యూటర్ ముందే, వాట్సాప్ పక్కనే తెరిచి ఉంటుంది. ఆయన జవాబు నిమిషంలో వస్తుంది. రెండోవారు విశాఖపట్నంలో పీజీ చేస్తున్న డాక్టర్. డ్యూటీ ఉన్న రోజు ఆయన ఫోన్ జేబులోంచి బయటికి రావడమే గగనం. పగలు పంపితే రాత్రికి, రాత్రి పంపితే మర్నాటికి.

రెండో వారంలో ఒక బుధవారం అమ్మాయి ఇద్దరికీ ఒకే సంగతి రాసింది: "శుక్రవారం నాన్నకు కంటి ఆపరేషన్. అందుకే ఈ రెండ్రోజులు కొంచెం హడావుడి."

హైదరాబాద్ నుంచి జవాబు నలభై సెకన్లలో: "ఓహ్. ఓకే అండి. టేక్ కేర్."

విశాఖ నుంచి పదకొండు గంటల తర్వాత: "నిన్న డ్యూటీలో ఉండిపోయానండి, ఇప్పుడే చూశాను. శుక్లమేనా? ఏ కంటికి? మొన్న ఆయనకు షుగర్ ఉందన్నారు కదా, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పారా?"

శుక్రవారం సాయంత్రం ఆమె ఏమీ రాయకుండానే ఇంకో మెసేజ్ వచ్చింది: "మీ నాన్నగారిని ఇంటికి తీసుకొచ్చారా?"

గడియారం ప్రకారం మొదటి మనిషికి తిరుగులేదు. కానీ రెండో జవాబులో ఉన్నవి చూడండి. ఆలస్యానికి కారణం అడగకుండానే చెప్పారు. ఆమె రాసిన దానిలోంచే ప్రశ్నలు పుట్టాయి. వారం కిందట మాటవరసకు అన్న షుగర్ సంగతి గుర్తుంది. శుక్రవారం అనే రోజు కూడా గుర్తుంది, ఆ రోజున మాట ఆయనే మొదలుపెట్టారు.

ఇందులో ప్రశ్నల సంగతి విడిగా చెప్పుకోదగ్గది. హార్వర్డ్‌లో కరెన్ హువాంగ్, ఆలిసన్ వుడ్ బ్రూక్స్ తదితరులు 2017లో ప్రచురించిన పరిశోధనలో ప్రశ్నలను రకాలుగా విడదీశారు. పలకరింపు ప్రశ్న ఒకటి. అడిగిన ప్రశ్ననే తిప్పి అడగడం ఒకటి. "తిన్నారా?" అంటే "తిన్నాను, మీరు?" అనడం లాంటిదన్నమాట. విషయం పూర్తిగా మార్చేసే ప్రశ్న మరొకటి. అవతలివారు ఇప్పుడే చెప్పినదాన్ని పట్టుకుని ఇంకా లోతుకు వెళ్ళే ప్రశ్న ఇంకొకటి. ఈ చివరి రకం ఎక్కువగా అడిగినవారే అవతలివారికి ఎక్కువగా నచ్చారు. కొద్ది నిమిషాల చొప్పున ఒకరి తర్వాత ఒకరిని కలిసే స్పీడ్ డేటింగ్ సమావేశాల్లో కూడా, ఇలాంటి ప్రశ్నలు ఎక్కువ వేసినవారికి మళ్ళీ కలుద్దామన్న సమ్మతి ఎక్కువగా దొరికింది. ఆ పరిశోధన కొలిచింది అడిగినవారు ఎంత నచ్చారన్నదే గానీ, అడిగినవారి మనసులో ఏముందన్నది కాదు. అయినా లోతుకు వెళ్ళే ప్రశ్న అడగాలంటే ముందు వినాలి. వినకుండా అడిగితే అది తిప్పి అడిగే ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. అందుకే వేగంకన్నా ఇది నమ్మదగ్గ ఆనవాలు. "తిన్నారా" రోజుకు మూడుసార్లు, మూడు వారాలపాటు నిమిషాల మీద వచ్చినా అందులో మనిషి గురించి తెలుసుకోవాలనే కోరిక ఉందో లేదో చెప్పలేం.

మాట ఎవరు మొదలుపెడుతున్నారన్నది ఇంకో ఆనవాలు, ఇది లెక్కపెట్టడం సులువు. రెండు వారాల చాట్ వెనక్కి తిప్పి, రోజులో మొదటి మెసేజ్ ఎవరిదో చూడడమే. పద్నాలుగు రోజుల్లో పదమూడు రోజులు ఒకరే మొదలుపెట్టి, రెండోవారు ఎంత త్వరగా జవాబిచ్చినా, అక్కడ ఉన్నది మర్యాద కావచ్చు. జవాబివ్వడానికి పెద్ద ఖర్చు లేదు. పనిగట్టుకుని ఒకరిని తలచుకోవడానికి మాత్రం ఎంతో కొంత మనసు పెట్టాలి. ఇక్కడ కూడా మినహాయింపు ఉంది. మన ఇళ్ళలో చాలామంది అమ్మాయిలు ముందుగా మెసేజ్ పెడితే చులకనవుతామేమోనని ఆగుతారు, పెళ్ళి సంబంధాల్లో అయితే మరీను. అలాంటప్పుడు మొదటి మెసేజ్ ఎవరిదన్నదానికన్నా, మొదలైన మాటను ఎవరు పొడిగిస్తున్నారన్నది చూడాలి.

తెలుగులో మరో అందమైన సూచన ఉంది, ఏ పరిశోధన పత్రమూ చెప్పకపోయినా మనకు చెవికి తెలుస్తుంది. మూడో వారానికి "అండి" ఎక్కడ జారింది? "మీరు" ఎప్పుడు "నువ్వు" అయింది? ఒకరు "నువ్వు" అన్నప్పుడు రెండోవారు హాయిగా అందుకున్నారా, లేక "మీరు"లోనే నిలబడ్డారా? ఎవరైనా ఒక రోజు పొరపాటున జారి, మర్నాడు సర్దుకుంటే అదేమీ కాదు. రెండు వైపులా కలిసి మారితే మాత్రం దగ్గరితనం పెరిగినట్టే. గోదావరి జిల్లాల్లో పెళ్ళయ్యాక కూడా భర్తను "ఏమండీ" అనే అలవాటున్న ఇంటి అమ్మాయి విషయంలో ఈ కొలత పనిచేయదు, అది వేరే సంగతి.

వీటన్నిటికన్నా బరువైనది, మాట తెర దాటి బయటికి వస్తుందా అన్నది. "ఎప్పుడైనా కలుద్దాం" అన్నది అందరూ అంటారు. "ఆదివారం నాకు డ్యూటీ లేదు. పన్నెండింటి రైలుకు బయల్దేరితే సాయంత్రానికి రాజమండ్రిలో ఉంటాను, మీ ఇంట్లోవాళ్ళకు ఇబ్బంది లేకపోతే వస్తాను" అన్నది వేరు. అందులో రోజుంది, వేళ ఉంది, వదులుకునే సెలవుంది. ఆదివారం కుదరకపోతే వచ్చే ఆదివారం అని తనే అంటే ఇంకేం కావాలి? ఏదో కారణం చెప్పి, బదులుగా మరో రోజు చెప్పకుండా వదిలేస్తే, అదీ రెండు మూడుసార్లు జరిగితే, నిమిషంలో వచ్చిన వంద జవాబులకన్నా అది స్పష్టంగా చెబుతుంది.

ఇక్కడ హైదరాబాద్ మనిషికి అన్యాయం జరగకూడదు. "ఓకే అండి, టేక్ కేర్" అన్నది ఒక్క మెసేజ్. కొందరికి టైపు చేయడం రాదు, అంటే చేయడానికి రాకపోవడం కాదు, రాతలో మనసు పలకదు. మీటింగులో ఉండి చూసి, నాలుగు ముక్కలు కొట్టి ఉండొచ్చు. మన కథలో ఆ అమ్మాయి శనివారం ఆయనకు ఫోన్ చేసింది. ఆపరేషన్ మాట రాగానే ఆయన తన నానమ్మకు రెండేళ్ళ కిందట అదే ఆపరేషన్ జరిగిందని, తలస్నానం విషయంలో డాక్టరు ఎన్నిసార్లు హెచ్చరించినా ఆవిడ వినలేదని చెప్పారు. నలభై నిమిషాలు మాట్లాడారు. ముఖాముఖిలాగే ఫోన్లో కూడా విరామాలు అర్థవంతంగా ఉంటాయి. ఆమె మాట ముగిసేలోపే ఆయన అందుకున్న చోట్లు చాలానే ఉన్నాయి. తెరమీద చప్పగా ఉన్న మనిషి గొంతులో చప్పగా లేడు. ఒక్క దారినే చూసి తీర్పు ఇచ్చి ఉంటే ఇది తెలిసేది కాదు.

అలాగని ఆలస్యం ఎప్పుడూ ఏమీ చెప్పదనుకోవడమూ పొరపాటే. ఒక మనిషి తన సొంత మామూలు నుంచి జరిగి, అక్కడే నిలిచిపోతే అది పట్టించుకోవాల్సిన మార్పు. నెలరోజులు పది నిమిషాల్లో పలికినవారు, పనివేళలు మారకుండానే, రెండు వారాలుగా రోజుకొకసారి పలుకుతున్నారనుకోండి. దాంతోపాటు ప్రశ్నలు తగ్గాయి, కారణాలు చెప్పడం ఆగింది, జవాబు ఒక్క బొమ్మకో "హ్మ్"కో కుదించుకుపోయింది. అప్పుడు సాక్ష్యం ఆలస్యం ఒక్కటే కాదు, అన్నీ ఒకే వైపు చూపుతున్నాయి. ఊళ్ళో ఆడిట్ జరుగుతోందనో, ఇంట్లో ఎవరికో బాగాలేదనో కూడా ఉండొచ్చు కాబట్టి ఒకసారి మామూలుగా అడగడం మంచిది: "ఈ మధ్య బిజీగా ఉన్నట్టున్నారు, అంతా బాగేనా?" దానికి వచ్చే జవాబు వేగం కాదు, అందులో ఏముందో చూడాలి. దానికీ, దాని తర్వాత పంపిన ఇంకొక్కదానికీ బదులు రాకపోతే మూడోది పంపనక్కర్లేదు. పలకకపోవడాన్ని దాచుకున్న ప్రేమగా చదివి, వేరే నంబరు నుంచి ఫోన్లు చేయడం, స్నేహితులను రాయబారం పంపడం అవతలివారికి భయం కలిగిస్తుంది. మొహం మీద "వద్దు" అనలేక మౌనంగా తప్పుకునేవారు మనలో చాలామంది. అలా తప్పుకోవడానికి వాళ్ళకు హక్కుంది.

త్వరగా వచ్చే జవాబుల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. కస్టమర్ కేర్‌లో పనిచేసేవారికీ, ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవారికీ అందరికీ వెంటనే జవాబివ్వడం పనిలో భాగం. ఆఫీసులో జూనియర్ ఒకరు సీనియర్‌కు రాత్రి పదింటికి కూడా నిమిషంలో బదులిస్తే అది భయమో వినయమో కావచ్చు. ఆ వేగాన్ని ఇష్టంగా అర్థం చేసుకుని సీనియర్ ఒక అడుగు ముందుకు వేస్తే నష్టపోయేది ఆ జూనియరే. ఆ మనిషి మిగతావారికి ఎంత వేగంగా జవాబిస్తారో తెలియకుండా, మనకిచ్చిన వేగానికి విలువ కట్టలేం.

మన కథలోని అమ్మాయి మూడో వారం చివర ఒక పని చేసింది. చాట్‌లో మనం పంపిన మెసేజ్‌ను నొక్కిపట్టుకుని దాని వివరాలు తెరిస్తే, అది ఎప్పుడు చేరిందో, ఎప్పుడు చదివారో వాట్సాప్ చూపిస్తుంది. రోజూ అవి చూసుకునే అలవాటు మానేసింది. తన ఫోన్‌లో రీడ్ రిసీట్స్ ఆపేసింది. అవి ఆపితే అవతలివారి నీలి టిక్కులు తనకూ కనపడవు. ఆదివారం విశాఖ రైలు దిగే మనిషి కోసం స్టేషన్‌కు తమ్ముణ్ణి పంపింది. హైదరాబాద్ నుంచి సోమవారం రాత్రి ఫోన్ వచ్చింది: "మీ నాన్నగారు కట్టు విప్పించుకున్నారా? పేపర్ చదవగలుగుతున్నారా?" ఇద్దరిలో ఎవరన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు.